అలసట గారు

ఆదివారం

నరీతా విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి నా పెట్టెలోంచి ఒక అట్టపెట్టె తీసి, మూత తెరిచి, లోపలున్న పూతరేకుల్ని చాలాసేపు చూశాడు. "కాగితమా?" అని అడిగాడు. తినేదే అని చెప్పడానికి నాకు తెలిసిన జపనీస్ మొత్తం ఖర్చయిపోయింది. చివరికి ఆయన నవ్వి మూత పెట్టేశాడు. మా ఊరు రాజమండ్రి. పక్కనే ఆత్రేయపురం ఉండగా ఇంకో మిఠాయి తీసుకెళ్తే అమ్మ ఊరుకోదు. ఆఫీసులో కొత్తగా అడుగుపెట్టేవాళ్ళు ఏదైనా తీపి తెచ్చి పంచడం జపాన్‌లో మర్యాదని హైదరాబాద్‌లో మా టీమ్‌వాళ్ళు చెప్పారు.

రెండు వారాల పని. మేం టెస్టింగ్ చేస్తున్న సాఫ్ట్‌వేర్‌ని విడుదలకి ముందు అక్కడే కూర్చుని, రాసినవాళ్ళ పక్కన ఉండి పరీక్షించాలి. బస నిషి కసాయ్‌లో ఒక చిన్న అద్దె గది. 2000 సంవత్సరం వై2కె హడావుడిలో వచ్చిన మన ఇంజనీర్లు తోజాయ్ లైన్ రైలు సుఖమని ఆ చుట్టుపక్కల స్థిరపడ్డారట. సూపర్ మార్కెట్‌లో కందిపప్పు కనిపించాక నాకు సగం బెంగ తీరింది.

సోమవారం

తోజాయ్ లైన్ ఉదయం పూట ఎంత సుఖమో మొదటి రోజే తెలిసింది. మోన్జెన్ నకాచో వచ్చేదాకా నా చేతులు నావో పక్కవాళ్ళవో తెలియలేదు. నవంబరు చలిలో కూడా చెమట పట్టింది.

ఆఫీసులో పెద్ద హాలు. అడ్డుగోడలు లేని బల్లలు. నా పక్క సీటు ఆవిడకి నలభై దాటి ఉంటాయి, ఇండియా టీమ్‌లతో చాలా ఏళ్ళు పనిచేసిందట, ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. ఎదురుగా టీమ్ లీడర్. కిటికీ దగ్గర డెవలపర్ ఒకాయన, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, ఎవరితోనూ మాట్లాడడు. పూతరేకుల్ని టీ కాచుకునే చోట పెట్టాను. పక్క సీటావిడ ఒకటి పట్టుకుని వెలుతురుకెత్తి చూసి "ఒబులాతో!" అంది. చేదు మందు పొడి మింగడానికి ఇక్కడ పిండితో చేసిన పల్చటి పొర అమ్ముతారట, దాని పేరది. మా రేకులో మందుకి బదులు బెల్లం, నెయ్యి ఉంటాయని చెప్పాను. సాయంత్రానికి అట్టపెట్టె ఖాళీ.

నాలుగున్నరకే బయట చీకటి పడింది. ఆరు దాటాక ఒక్కొక్కరూ లేవడం మొదలైంది. లేచినవాళ్ళు వెంటనే వెళ్ళిపోరు. కుర్చీ లోపలికి తోసి, నిలబడి, హాలు మొత్తానికి వినపడేలా ఒక మాట అంటారు. హాలు మొత్తం తల ఎత్తకుండానే ఇంకో మాట అంటుంది. గుళ్ళో పూజారి ఒకటంటే భక్తులు ఇంకోటి అందుకున్నట్టు.

ఆరుంపావుకి లీడర్ లేచి నా దగ్గరికి వచ్చి కొంచెం వంగి అన్నాడు: "ఒత్సుకరెసమ దెషిత."

నేను పక్కకి చూశాను. ఆవిడ తొందరగా తర్జుమా చేసింది: "మీరు అలిసిపోయారు అంటున్నారు."

నాకు కంగారు పుట్టింది. మొదటి రోజే మొహం వాడిపోయి కనబడిందన్నమాట. "నో, నో, ఐ యామ్ నాట్ టైర్డ్!" అన్నాను గట్టిగా. లీడర్ ఒక క్షణం ఆగి, "ఆ, సో దెస్ క" అని, బ్యాగు కింద పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. ఈ అమ్మాయికి ఇంకా పనిచేయాలని ఉంది కాబోలు, వదిలి వెళ్ళడం బాగుండదని అనుకున్నాడట. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి ఇద్దరం ఏడున్నర దాకా ఎదురెదురుగా కూర్చుని ఉన్నాం. అతనికి పని లేదు, నాకూ లేదు.

మంగళవారం

మధ్యాహ్నం మూడింటికి డ్రింకుల మెషీన్ దగ్గరికి వెళ్ళి వచ్చేలోపు ఐదుగురు అదే మాట అన్నారు. ఒకరు వాష్‌రూమ్ తలుపు దగ్గర అన్నారు. ఇది సాయంత్రం మాటే కాదని తేలిపోయింది. పక్క సీటావిడని పట్టుకుని అడిగాను. ఆవిడ కాగితం మీద ముక్కలు చేసి చూపించింది.

మధ్యలో ఉన్న "త్సుకరె" అంటే అలసట. ముందున్న "ఒ" గౌరవం కోసం చేర్చేది. చివరి "సమ" మనుషుల పేర్ల చివర పెట్టే "సాన్" కంటే ఒక మెట్టు పైది, కస్టమర్లకీ దేవుళ్ళకీ పెట్టేది. నేను మనసులో లెక్క వేసుకున్నాను: శ్రీ అలసట గారు. చివరి "దెస్" మన "ఉన్నది" లాంటిది, "దెషిత" దాని భూతకాలం.

"పొద్దున్న వస్తే ఒహయో గొజాయిమస్. ఆ తర్వాత ఆఫీసులో ఎవరు ఎదురైనా ఒత్సుకరెసమ దెస్. లోపలి వాళ్ళ ఫోను ఎత్తినా అదే, మెయిల్ మొదటి వాక్యమూ అదే" అంది.

"నిజంగా అలిసిపోకపోయినా?"

"పొద్దున్న పదకొండింటికి ఎవరు అలిసిపోతారు?" అని నవ్వింది.

అప్పుడు నాకు ఇంకో చిక్కు విడిపోయింది. మేం సాఫ్ట్‌వేర్ తప్పులు నమోదు చేసే టికెట్లలో ప్రతి డెవలపర్ కామెంటూ `お疲れ様です。` అని, అంటే ఇదే ఒత్సుకరెసమ దెస్‌తో, మొదలవుతుంది. ఆరు నెలలుగా హైదరాబాద్‌లో కూర్చుని అది ఏదో టెంప్లేట్‌లో వచ్చే శీర్షిక అనుకుని దాటేస్తున్నాను. పాపం, ఆరు నెలలుగా వాళ్ళు నన్ను పలకరిస్తున్నారు.

పలకడంలో మాత్రం ఆవిడే ఆశ్చర్యపోయింది. వేరే విదేశీయులు "త్సు" దగ్గర తడబడి "సు" అంటారట, లేదా ట నీ సు నీ విడగొడతారట. నాకు ఒక్కసారికే వచ్చింది. ఎందుకంటే మనం చుక్క అన్నా చుట్టం అన్నా ఆ చ ని చీమలో చ లాగా పలకం కదా, నాలుక పళ్ళకి తగిలిస్తాం. పాత పుస్తకాల్లో దానికి నెత్తిన గుర్తు పెట్టి ౘ అని వేసేవాళ్ళు. చుక్కలో చు తీసి అక్కడ పెట్టుకుంటే చాలు. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి పలికితేనే చెడిపోతుంది.

సాయంత్రం ఒక్కొక్కరు లేచినప్పుడు చెవులు రిక్కించి విన్నాను. వెళ్ళేవాళ్ళు అనేది "ఒసకి ని షిత్సురే షిమస్." మీకంటే ముందు వెళ్తూ అమర్యాద చేస్తున్నాను, అని అర్థం. ఉండేవాళ్ళ జవాబు "ఒత్సుకరెసమ దెషిత." మన వైపు "వెళ్తాను" అంటే అమ్మ కసురుకుంటుంది, "వెళ్ళొస్తాను" అనాలి. మనం తిరిగి రావడం గురించి మాట ఇస్తాం, వీళ్ళు వెళ్తున్నందుకు క్షమాపణ అడుగుతారు.

బుధవారం

ఈ ఆఫీసులో బుధవారం ఓవర్‌టైమ్ లేని రోజు. చాలా కంపెనీల్లో ఈ పద్ధతి ఉందట. ఐదున్నరకి స్పీకర్లో మెత్తగా సంగీతం వచ్చింది. ఎవరూ లేవలేదు. అది వేరే సంగతి.

ఆ రోజు నా పరువు పోయిన తీరు రాయాలి. మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ పెద్దాయన కింద లాబీలో సెక్యూరిటీ గార్డుతో "గొకురోసమ" అనడం విన్నాను. కొత్త మాట! చివర అదే "సమ" ఉంది, సందర్భం అదే. అలసటకి బదులు ఇంకేదో అయి ఉంటుంది, పెద్దాయన వాడారంటే ఇంకా మర్యాదైనదని లెక్క వేశాను. సాయంత్రం ఆయన మా హాలు దాటి లిఫ్ట్ వైపు వెళ్తుంటే లేచి నిలబడి, చక్కగా వంగి, "గొకురోసమ దెషిత!" అన్నాను.

హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. పక్క సీటావిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. పెద్దాయన వెనక్కి తిరిగి నన్ను చూసి, పగలబడి నవ్వి, నాకంటే ఎక్కువ వంగి నమస్కారం పెట్టి లిఫ్ట్ ఎక్కాడు.

"కురో" అంటే కష్టం. అర్థంలో తప్పేమీ లేదు, తేడా అంతా దిశలో ఉంది. పైవాడు కిందివాడి శ్రమని గుర్తించి అనే మాట అది. కిందివాళ్ళు పైవాళ్ళతో అనకూడదని ఆఫీసు మర్యాద. యజమాని పాలేరుతో "శభాష్‌రా, బాగా చేశావు" అన్నదాన్ని పాలేరు యజమానితో అంటే ఎలా ఉంటుందో అలా అన్నమాట. ఒత్సుకరెసమకి ఆ గొడవ లేదు, పైకీ కిందికీ పక్కకీ అన్ని వైపులా చెల్లుతుంది. తెలియనప్పుడు అలసట గారినే నమ్ముకో అని ఆవిడ సలహా.

గురువారం

ఆ సలహాకీ హద్దు ఉందని మర్నాడే తెలిసింది. క్లయింట్ కంపెనీ నుంచి ఇద్దరు రివ్యూకి వచ్చారు. తలుపు దగ్గర నేనే ముందు ఎదురయ్యాను. నమ్మకంగా "ఒత్సుకరెసమ దెస్" అన్నాను. వాళ్ళు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి లీడర్ వచ్చి "ఒసెవ ని నత్తె ఒరిమస్" అంటూ నా ముందుకి జరిగాడు. మీ ఆదరణలో ఉన్నాం, అని దాని భావం. బయటివాళ్ళకి ఆ మాట. ఒత్సుకరెసమ మన గూటిలోవాళ్ళకి. ఒకే బరువు కలిసి మోసినవాళ్ళు ఒకరితో ఒకరు అనుకునేది. బయటివాళ్ళతో అంటే, పిలవని పెళ్ళికి వెళ్ళి వంటింట్లో దూరినట్టు.

అదే రోజు ఇంకో అమ్మాయి జ్వరంతో మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయింది. అందరూ ఆ అమ్మాయితో ఒత్సుకరెసమ కాకుండా "ఒదైజి ని" అన్నారు. ఆరోగ్యం జాగ్రత్త అని. నిజంగా అలిసిపోయిన మనిషికి మాత్రం అలసట గారు పనికిరారు!

రివ్యూ అయ్యాక అసలు పని. మా సాఫ్ట్‌వేర్‌లో సభ్యుల జాబితాని ఫైలుగా దించుకునే సదుపాయం ఉంది. క్లయింట్ దగ్గర పాత కంప్యూటర్లు ఉండటంతో ఆ ఫైలు షిఫ్ట్-జిస్ అనే పాత జపనీస్ ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాల్ని అంకెలుగా దాచే పద్ధతిలో, రావాలి. నేను రకరకాల పేర్లు పెట్టి చూస్తున్నాను. `ソノダ` అని, సొనొద అని చదవాలి, ఒక పేరు ఎక్కించి ఫైలు తెరిస్తే `ャmダ` అని వచ్చింది. జపనీస్ పేరు మధ్యలో ఇంగ్లీషు m ఎక్కడిది?

పక్క సీటావిడ చూడగానే "దమెమొజి" అంది. పనికిరాని అక్షరం అని. తరవాత బైట్లు రాసి చూపించింది.

```
ソ = 83 5C    ノ = 83 6D    ダ = 83 5F
5C పోతే:      83 83 | 6D | 83 5F
              ャ      m    ダ
```

షిఫ్ట్-జిస్‌లో ఇలాంటి జపనీస్ అక్షరం ఒక్కోదానికి రెండు బైట్లు, ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. `ソ` రెండో బైటు 5C. అదే 5C ని ఇంగ్లీషు లెక్కలో చూస్తే బ్యాక్‌స్లాష్, ప్రోగ్రాముల్లో "తరవాతి అక్షరాన్ని వేరుగా చూడు" అని చెప్పే గుర్తు. ఫైలు రాసే పాత కోడు అక్షరాల్ని జంటలుగా కాకుండా ఒక్కో బైటూ చూసుకుంటూ పోతోంది. 5C కనబడగానే బ్యాక్‌స్లాష్ అనుకుని మింగేసింది. జత పోయిన 83, పక్కింటి 83 తో జతకట్టి ఇంకో అక్షరమైంది. `ノ` లో మిగిలిన 6D ఒంటరిగా నిలబడి m అయింది. ఆ తర్వాతి `ダ` జత చెడలేదు కాబట్టి క్షేమం.

ఇంకా ఇలాంటివి ఉన్నాయి అంటూ ఆవిడ `表`, `十`, `能` అని మూడు రాసింది. మూడింటికీ చివర 5C యే. నోట్ చేసుకున్నాను. నోట్ చేసుకోవడం వేరు, టెస్ట్ చేయడం వేరు.

టికెట్ రాశాను. మొదటి వాక్యం నా చేత్తో టైప్ చేశాను: `お疲れ様です。` కిటికీ దగ్గరి డెవలపర్ ఒక ఇయర్‌ఫోన్ తీసి, నా వైపు చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

శుక్రవారం

టీమ్ అంతా కలిసి ఇజకాయాకి వెళ్ళారు, అంటే తాగడానికీ తినడానికీ ఉండే చిన్న హోటల్. నేను ఊలాంగ్ టీ గ్లాసు పట్టుకున్నాను. గ్లాసులు ఎత్తాక లీడర్ నోట మొదట వచ్చింది "కంపాయ్" కాదు, "ఇస్శూకన్ ఒత్సుకరెసమ దెషిత", వారం అంతా శ్రమపడ్డారు అని. ఆ తర్వాతే కంపాయ్.

శాకాహారమంటే ఇక్కడ కష్టం. ఉడికించిన సోయా కాయలు హాయిగా తిన్నాను. చల్లటి టోఫు తెచ్చారు కదా అని చెయ్యి పెట్టబోతే దాని మీద కదులుతున్న పల్చటి రేకులు చేపవని తెలిసింది.

తాగాక మాట కూడా సడలిపోతుంది. పొద్దున్న "ఒత్సుకరెసమ దెస్" అన్న కుర్రాళ్ళు తొమ్మిదింటికి "ఒత్సుకరె!" అంటున్నారు. అలసట గారిలో గారు పోయి ఒట్టి అలసట మిగిలింది. నేనూ పెద్దవాళ్ళతో అలా అనబోతుంటే పక్క సీటావిడ మోచేత్తో పొడిచింది. తోటివాళ్ళతోనూ చిన్నవాళ్ళతోనూ మాత్రమే.

దెస్, దెషితల సంగతి ఆ రాత్రే అడిగాను. పని ఇంకా మిగిలి ఉంటే దెస్, ముగిసిందంటే దెషిత అని లీడర్ చెప్పాడు. ఈ కాలం కుర్రాళ్ళు ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా దెస్ అనేస్తారని విసుక్కున్నాడు. "మన డెవలపర్ మాత్రం ఒక్కసారి కూడా తప్పడు" అని కిటికీ మనిషిని చూపించాడు. ఆయన నోరు మెదపకుండా సోయా కాయలు ఒలుస్తున్నాడు.

చివర్లో అందరూ నిలబడి "యోఓ" అని, ఒకే ఒక్క చప్పట్లు కొట్టి ముగించారు. ముగించారు అన్నానే గానీ, బయటికి వచ్చి రోడ్డు మీద పదిహేను నిమిషాలు ఒకరికొకరు ఒత్సుకరెసమ చెప్పుకుంటూ నిలబడ్డారు. స్టేషన్ గేటు దగ్గర మళ్ళీ. ప్లాట్‌ఫారమ్ మీద మళ్ళీ. మా ఇంట్లో చుట్టాలు గుమ్మం దాటాక వీధిలో నిలబడి గంట మాట్లాడతారు, అది చూసి అలవాటే కాబట్టి చలి తప్ప వేరే ఇబ్బంది లేదు.

శనివారం

బట్టలు ఉతుక్కున్నాను. పప్పు వండుకున్నాను. రోజంతా ఆ మాట ఒక్కరూ అనలేదు. కొట్లో క్యాషియర్ అనదు, నేను గూటిలో మనిషిని కాదుగా.

అమ్మ ఫోన్ చేసింది. అక్కడ మధ్యాహ్నం మూడు, ఇక్కడ ఆరున్నర. "అలిసిపోయినట్టున్నావే" అంది. ఈ మాటకి జవాబు ఆ మాటే అని వారమంతా వింటున్నాను కదా, "నువ్వు అలిసిపోలేదా?" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "నాకేమే, మినప్పిండి రుబ్బాను, నడుం పట్టేసింది. అయినా కొత్తగా అడుగుతున్నావేంటి? డబ్బులేమైనా కావాలా?" అంది.

రెండో వారం

సోమవారం నుంచి గురువారం దాకా చెప్పడానికి పెద్దగా లేదు. టెస్టులు, స్క్రీన్‌షాట్లు, వాటిని ఎక్సెల్ షీట్లలో అంటించి రుజువులుగా దాచడం. ఇక్కడ ఒక్కో అడుగుకీ బొమ్మ ఉండాలి, బొమ్మ లేకపోతే టెస్ట్ చేసినట్టు కాదు. సాయంత్రం ఒసకి ని షిత్సురే షిమస్ నేనూ గట్టిగా అనేదాన్ని, హాలు జవాబిచ్చేది. బుధవారం లాబీలో గార్డుకి ఒత్సుకరెసమ దెస్ అన్నాను. ఆయన సెల్యూట్ చేశాడు.

శుక్రవారం, ఆఖరి రోజు

పొద్దున్నే `ソ` దోషం సరిచేసినట్టు టికెట్ వచ్చింది. అదే పేరు మళ్ళీ ఎక్కించాను, ఫైలు దించాను, తెరిచాను. `ソノダ`. m లేదు. పేరు గడిలో ఇంకో పది పేర్లు వేసి చూశాను, అన్నీ బాగున్నాయి. స్క్రీన్‌షాట్లు అంటించి పాస్ అని రాసి పంపాను. ఐదింటికి టికెట్ మూసుకుంది. కింద డెవలపర్ కామెంటు ఒకే వాక్యం: `お疲れ様でした。` భూతకాలం. రెండు వారాల్లో ఆయన నాకు రాసిన మొదటి దెషిత. గర్వంగా పక్క సీటావిడకి చూపించాను.

ఆరింటికి నేను లేచేసరికి అందరూ లేచారు. పెద్దాయన కూడా వచ్చి నిలబడి, కళ్ళు చిట్లించి నవ్వుతూ, "గొకురోసమ" అన్నాడు. ఆయన అనొచ్చు. నేను ఒత్సుకరెసమ దెషిత అన్నాను, ఈసారి కీబోర్డులు ఆగలేదు.

శనివారం, నరీతా

గేటు దగ్గర కూర్చున్నాను. విమానానికి ఇంకా గంటన్నర ఉంది. ఒడిలో మా హైదరాబాద్ టీమ్‌కి కొన్న బిస్కెట్ల పెట్టె. ఫోన్‌లో మెయిల్ మోగింది, మా టికెట్ల సిస్టమ్ నుంచి. తెరవలేదు, పైన కనబడే ఒక్క లైను చదివాను.

`お疲れ様です。住所欄の「表」ですが`

చిరునామా గడిలో `表` అనే అక్షరం గురించి, అని. పేరు గడిలోనే చూసి పాస్ చేశాను, చిరునామా గడి తాకనే లేదు. కానీ అదంతా చదివే అవసరం లేకుండానే, మొదటి మాట దగ్గరే నాకు తెలిసిపోయింది. దెషిత కాదు, దెస్.

బిస్కెట్ల పెట్టె పక్క కుర్చీలో పెట్టి లాప్‌టాప్ తీశాను.